బీజీవీ రిపోర్ట్‌ను ఒక పేజీలో చెప్పడం: వెరిఫై అయినవి, తేడాలు, పెండింగ్‌లో ఉన్నవి

అభ్యర్థి చెప్పిన వివరాలు నిజమేనా అని చూసేది బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, అంటే బీజీవీ. ఆ పని చేసే ఏజెన్సీ పంపే రిపోర్ట్ పది పదిహేను పేజీలు ఉంటుంది. హెచ్ఆర్ ఎగ్జిక్యూటివ్ చదివేది మాత్రం మీరు రాసిచ్చే ఒక్క పేజీ. అభ్యర్థిని తీసుకోవాలా, వివరణ అడగాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా అనేది ఆ పేజీ చూసే తేలుతుంది.

"రిపోర్ట్ మొదటి పేజీలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు ఉంటాయి కదా, వాటినే మూడు జాబితాలుగా రాస్తే సరిపోదా?" అని చాలామంది అడుగుతున్నారు. సరిపోదు. ఏజెన్సీ రంగు వేసేది మొత్తం చెక్‌కి, అంటే గుర్తింపు, డిగ్రీ, ఉద్యోగం లాంటి ఒక్కో పరిశీలనకి. ఉద్యోగ చెక్ అనే ఒక్క వరుసలో చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, మానేసిన కారణం అన్నీ కలిసి ఉంటాయి. వాటిలో రెండు సరిపోయి, ఒకటి తేడా వచ్చి, ఇంకోదానికి జవాబే రాకపోవచ్చు. ఆ నాలుగింటికీ కలిపి ఒక రంగు వేస్తే అసలు సంగతి అందులో కలిసిపోతుంది.

కాబట్టి ఈ పనంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది: జాబితాల్లోకి వెళ్లాల్సింది చెక్ కాదు, చెక్‌లోని ఒక్కో అంశం.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

రిపోర్ట్ ఒక్కటే చదివి సారాంశం రాయలేం. ఇవి కూడా ఉండాలి:

- అభ్యర్థి నింపిన బీజీవీ ఫారం
- అభ్యర్థి ఇచ్చిన రెజ్యూమే
- ఏజెన్సీకి మీ సంస్థ ఏయే చెక్‌లు చేయమందో ఆ జాబితా
- రిపోర్ట్ అనుబంధాలు: మెయిళ్లు, విశ్వవిద్యాలయం జవాబు, చిరునామా విజిట్ ఫొటోలు, అభ్యర్థి ఇచ్చిన పత్రాల కాపీలు

ఏజెన్సీ పోల్చి చూసేది సాధారణంగా ఫారంతోనే. రెజ్యూమేలో వేరే తేదీ ఉన్నా రిపోర్ట్‌లో ఆ ప్రస్తావన రాకపోవచ్చు. ఫారానికీ రెజ్యూమేకీ మధ్య తేడా కనిపిస్తే దాన్ని రిపోర్ట్‌లోని తేడాలతో కలపకుండా, కింద విడిగా ఒక వాక్యం రాయండి. అది ఏజెన్సీ కనుక్కున్నది కాదు, మీరు గమనించినది.

అడిగిన చెక్‌ల జాబితా ఎందుకంటే, అసలు మొదలే కాని చెక్ రిపోర్ట్‌లో ఒక్కోసారి కనిపించదు. ఏడు అడిగితే ఆరు వరుసలే ఉన్నాయనుకోండి, ఆ ఏడోది కూడా పెండింగే.

మొదటి పేజీలో "ఇంటరిమ్" అని ఉందా, "ఫైనల్" అని ఉందా, తేదీ ఎంత అన్నది కూడా ఇప్పుడే నోట్ చేసుకోండి. ఇంటరిమ్ రిపోర్ట్‌లో పెండింగ్ అంటే పని నడుస్తోందని అర్థం. ఫైనల్ రిపోర్ట్‌లో ఒక అంశం తేలకుండా మిగిలితే, ఏజెన్సీ దాన్ని ఇక పట్టించుకోదని అర్థం. రెంటికీ చాలా తేడా ఉంది.

## 2. చదవడం వెనక నుంచి మొదలుపెట్టండి

అనుబంధాలు ముందు, మొదటి పేజీ చివర. ఈ వరుస తప్పకండి. ముందే ఆకుపచ్చ రంగు చూస్తే, తర్వాత మెయిల్ చదివేటప్పుడు కళ్లు బాగున్నవే వెతుక్కుంటాయి.

ప్రతి అనుబంధం దగ్గర మూడు ప్రశ్నలు వేసుకోండి. జవాబు ఎవరిచ్చారు? ఏయే అంశాలకు ఇచ్చారు? రాతపూర్వకంగా ఇచ్చారా, ఫోన్‌లో చెప్పారా?

పాత సంస్థ హెచ్ఆర్ విభాగం తమ అధికారిక మెయిల్ నుంచి పంపిన జవాబు ఒక స్థాయి. పాత మేనేజర్ సొంత మెయిల్ నుంచి రాసింది ఇంకో స్థాయి. పేరు చెప్పని ఎవరో ఫోనెత్తి "అవును, పనిచేశారు" అంటే అది మరీ కింది స్థాయి. మూడింటికీ రిపోర్ట్‌లో "వెరిఫైడ్" అనే ఉండొచ్చు. సారాంశంలో మాత్రం ఆధారం ఏమిటో పక్కనే కనిపించాలి.

తేదీల దగ్గర నెమ్మదించండి. 03/06/2019 అంటే జూన్ 3 కావచ్చు, మార్చి 6 కావచ్చు. సంస్థ ఒక పద్ధతిలో రాస్తే, ఏజెన్సీలో టైప్ చేసినవాళ్లు ఇంకో పద్ధతిలో ఎక్కించి లేని తేడా పుట్టించిన రిపోర్ట్‌లు నేను చూశాను. అసలు మెయిల్‌లో నెల పేరు అక్షరాల్లో ఉంటే దాన్నే తీసుకోండి. లేకపోతే ఏజెన్సీని అడగండి. సారాంశంలో ఎప్పుడూ నెల పేరు అక్షరాల్లోనే రాయండి.

## 3. దేన్ని ఏ జాబితాలో వేయాలి

ఒక్కో అంశానికి మూడు గడులు గీసుకోండి: అభ్యర్థి చెప్పింది, మూలం చెప్పింది, ఆధారం. మూలం అంటే ఆ సమాచారం అసలు ఎవరి దగ్గర ఉండాలో వాళ్లు: పాత సంస్థ, విశ్వవిద్యాలయం, కోర్టు రికార్డు.

మూలం జవాబిచ్చింది, అభ్యర్థి చెప్పినదానితో సరిపోయింది: వెరిఫై అయినట్టు.

మూలం జవాబిచ్చింది, సరిపోలేదు: తేడా. ఎంత చిన్నదైనా ఇక్కడికే వస్తుంది. చిన్నదా పెద్దదా అన్నది తర్వాతి సంగతి.

మూలం నుంచి జవాబే లేదు: మూడో జాబితా. కారణం ఏదైనా ఇక్కడికే.

ఎక్కువమంది తడబడేది ఈ మూడో దాని దగ్గరే. "అనేబుల్ టు వెరిఫై", అంటే నిర్ధారించలేకపోయాం అనే మాట, రిపోర్ట్‌లో సాధారణంగా పసుపు రంగులో వస్తుంది. మైనర్ డిస్క్రెపెన్సీకి, అంటే చిన్న తేడాకి కూడా, చాలా ఏజెన్సీలు పసుపే వాడతాయి. రంగు ఒకటే కదా అని రెంటినీ తేడాల్లో రాసేస్తారు. సంస్థ మూతపడి జవాబిచ్చేవాళ్లు లేకపోతే అది అభ్యర్థి చెప్పినదాంట్లో తేడా కాదు. అలాగని పత్రం చూడటానికి బాగానే ఉంది కాబట్టి వెరిఫై అయినట్టూ కాదు. అభ్యర్థి ఇచ్చిన పత్రంతో అభ్యర్థి చెప్పిన మాటను పోల్చడం వెరిఫికేషన్ అవదు.

చెక్‌లో కొన్ని అంశాలకే జవాబు వచ్చి మిగతావాటి మీద మూలం ఏమీ అనకపోతే, జవాబు రానివన్నీ మూడో జాబితాకే వెళ్లాలి.

## 4. ఒక రిపోర్ట్ తీసుకుని చూద్దాం

కల్పించిన కేసే, కానీ ఇందులోని చిక్కులన్నీ రోజూ తగిలేవే. అకౌంట్స్ ఉద్యోగానికి ఒక అభ్యర్థి. మే 2024 నాటి ఇంటరిమ్ రిపోర్ట్. అడిగిన చెక్‌లు ఆరు: గుర్తింపు, చిరునామా (ప్రస్తుత, శాశ్వత), డిగ్రీ, చివరి ఉద్యోగం, అంతకు ముందు ఉద్యోగం, కోర్టు రికార్డు.

మొదటి పేజీలో ఇలా ఉంది: గుర్తింపు, డిగ్రీ, కోర్టు ఆకుపచ్చ. చివరి ఉద్యోగం పసుపు, మైనర్ డిస్క్రెపెన్సీ. ముందు ఉద్యోగం పసుపు, అనేబుల్ టు వెరిఫై. చిరునామాకి "ఇన్‌సఫిషియెంట్", అంటే వివరాలు చాలలేదని. రంగులను నమ్మితే మూడు మంచివి, రెండు తేడాలు, ఒకటి పెండింగ్. ఇప్పుడు లోపలికి వెళ్దాం.

చిరునామా, కోర్టు. ప్రస్తుత చిరునామాకి ఏజెన్సీ మనిషి వెళ్లి వచ్చారు. అభ్యర్థి అక్కడ ఉంటున్నట్టు ఇంటి యజమాని చెప్పారు. శాశ్వత చిరునామాలో ఇంటి నంబర్ లేకపోవడంతో ఆ విజిట్ ఆగిపోయింది. అందుకే ఇన్‌సఫిషియెంట్.

కోర్టు చెక్ అనుబంధం తెరిస్తే వెతికిన చిరునామా ఒక్కటే ఉంది, ప్రస్తుతది. శాశ్వత చిరునామా పరిధిలో వెతకనేలేదు, ఎందుకంటే చిరునామాయే పూర్తిగా లేదు. అంటే మొదటి పేజీలోని ఆకుపచ్చ సగం పనికి వేసిన రంగు. ఒక చెక్ ఆగితే దాని మీద ఆధారపడిన ఇంకో చెక్ కూడా ఆగుతుందన్న సంగతి మొదటి పేజీ చెప్పదు. మొదట్లో నేనూ ఇలాంటి ఆకుపచ్చను నమ్మి "కోర్టు రికార్డు క్లియర్" అని ఒకే వాక్యం రాసి పంపేశాను. రెండు వారాల తర్వాత రెండో చిరునామా ఫలితం విడిగా వచ్చినప్పుడు, ముందు క్లియర్ అన్నది దేన్ని చూసి అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

చివరి ఉద్యోగం. ఫారంలో 3 జూన్ 2019 నుంచి 29 ఫిబ్రవరి 2024 వరకు, హోదా సీనియర్ అకౌంటెంట్. పాత సంస్థ హెచ్ఆర్ అధికారిక మెయిల్‌లో చేరిన తేదీ 3 జూన్ 2019, చివరి పనిదినం 30 నవంబర్ 2023, హోదా సీనియర్ అకౌంటెంట్. మానేసిన కారణం గురించి మెయిల్‌లో ఏమీ లేదు.

చేరిన తేదీ, హోదా వెరిఫై అయ్యాయి. చివరి తేదీలో తేడా. కారణం మూడో జాబితాకి.

తేడా ఎంతో రోజుల్లో లెక్కపెట్టండి. డిసెంబర్ 31, జనవరి 31, లీపు సంవత్సరం కాబట్టి ఫిబ్రవరి 29. మొత్తం 91 రోజులు, అంటే మూడు నెలలు. దీనివల్ల ఇంకోటి కూడా మారుతుంది. రిపోర్ట్ రాకముందే అభ్యర్థి మన దగ్గర చేరారు, ఆ తేదీ 1 ఏప్రిల్ 2024. ఫారం ప్రకారం మధ్యలో ఖాళీ ఒక్క నెల, మూలం ప్రకారం నాలుగు నెలలు. ఎగ్జిక్యూటివ్‌కి కావాల్సింది ఈ రెండో అంకె.

ఇక్కడితో ఆగకుండా అభ్యర్థి ఇచ్చిన రిలీవింగ్ లెటర్ తెరవండి. లెటర్ పైన తేదీ 29 ఫిబ్రవరి 2024. లోపలి వాక్యంలో మాత్రం చివరి పనిదినం 30 నవంబర్ 2023 అని ఉంది. అంటే పత్రానికీ మూలానికీ మధ్య తేడా లేదు, ఫారంలోనే ఉంది. ఫారంలోని తేదీ లెటర్ జారీ అయిన తేదీతో సరిగ్గా కలుస్తోంది.

ఈ సంగతి చాలా ముఖ్యం. తప్పు ఫారంలో మాత్రమే ఉంటే అది పొరపాటుగా రాసింది కావచ్చు. పత్రం ఒకటి చెప్పి మూలం ఇంకోటి చెబితే పత్రం అసలుదేనా అనే ప్రశ్న వస్తుంది. ఏజెన్సీ రెంటికీ ఒకే రంగు వేసినా మీ సారాంశంలో ఇవి వేర్వేరుగా కనిపించాలి. అయితే "పొరపాటున రాశారు" అని కూడా మీరు రాయకూడదు. రెండు తేదీలూ కలుస్తున్నాయని చెప్పి ఆపేయండి. ఎందుకలా రాశారో చెప్పాల్సింది అభ్యర్థి.

ముందు ఉద్యోగం. సంస్థ మూతపడింది, ఫోన్ పనిచేయడం లేదు, మెయిల్ తిరిగి వచ్చింది. ఏజెన్సీ ఈ చెక్‌ను మూసేసింది. ఇది తేడా కాదు, మూడో జాబితాలోదే.

గుర్తింపు, డిగ్రీ దగ్గర చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. డిగ్రీ, రోల్ నంబర్, పాసైన సంవత్సరం మూడూ సరిపోయినట్టు విశ్వవిద్యాలయం రాతపూర్వకంగా జవాబిచ్చింది.

## 5. తేడాను వాక్యంగా రాయడం

తేడా వాక్యంలో నాలుగు విషయాలు ఈ వరుసలో రావాలి: అభ్యర్థి చెప్పింది, మూలం చెప్పింది, ఎంత తేడా, ఆధారం ఎక్కడుంది.

తప్పు: "అభ్యర్థి ఉద్యోగ కాలాన్ని మూడు నెలలు ఎక్కువ చేసి చూపించారు."

ఒప్పు: "చివరి పనిదినం: ఫారంలో 29 ఫిబ్రవరి 2024, పాత సంస్థ మెయిల్‌లో 30 నవంబర్ 2023. తేడా 91 రోజులు. అనుబంధం 4."

మొదటి వాక్యంలో ఉద్దేశం అంటగట్టడం ఉంది. రిపోర్ట్‌లో ఎక్కడా లేనిదాన్ని మనం కలిపాం. "దాచారు", "అబద్ధం", "ఫేక్", "అనుమానాస్పదం" అనే మాటలు సారాంశంలోకి రానీయకండి. "చిన్న తేడానే, పర్వాలేదు" అనడం కూడా అదే రకం తప్పు. ఏజెన్సీ మైనర్ అంటే "ఏజెన్సీ వర్గీకరణ: మైనర్" అని వాళ్ల మాటగానే రాయండి.

కోర్టు రికార్డులో ఏదైనా కేసు కనిపిస్తే ఇంకా జాగ్రత్త. చాలాసార్లు అక్కడ కలిసేది పేరు ఒక్కటే. తండ్రి పేరు, పుట్టిన తేదీ, చిరునామాల్లో ఏవి కలిశాయో, ఏవి కలవలేదో రాయండి. పేరు మాత్రమే కలిస్తే అది అభ్యర్థి మీద కేసు అనడానికి లేదు. అది ఏజెన్సీ ఇంకా తేల్చాల్సిన పెండింగ్ అంశం.

## 6. మూడో జాబితాను ఎవరి చేతిలో ఉందో దాన్నిబట్టి విడగొట్టండి

"పెండింగ్" అని ఒక్క మాట రాస్తే ఎగ్జిక్యూటివ్ ఎవరికి ఫోన్ చేయాలి? అందుకే ప్రతి వరుసకూ పక్కన పేరు ఉండాలి.

- అభ్యర్థి చేతిలో: ఏదో పత్రం లేదా వివరం ఇవ్వలేదు. ఏది కావాలో కచ్చితంగా రాయండి. "చిరునామా వివరాలు" అనకండి, "శాశ్వత చిరునామా ఇంటి నంబర్" అనండి.
- ఏజెన్సీ చేతిలో: మూలాన్ని అడిగారు, జవాబు కోసం చూస్తున్నారు. ఎప్పుడు అడిగారో, ఎన్నిసార్లు గుర్తు చేశారో రాయండి.
- హెచ్ఆర్ చేతిలో: ఏజెన్సీ ప్రయత్నించి మూసేసింది. ఎంత ఆగినా కొత్త జవాబు రాదు. వేరే ఆధారం అడగాలా, ఇలాగే వదిలేయాలా అన్న నిర్ణయం ఒక్కటే మిగిలింది.

మూడో రకాన్ని మామూలు పెండింగ్‌లో కలిపేస్తే ఫైలు నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. అందరూ ఏజెన్సీ చూసుకుంటోందనుకుంటారు, ఏజెన్సీ ఎప్పుడో ఫైలు మూసేసి ఉంటుంది.

## 7. తయారైన సారాంశం

పై కేసుకి ఆ ఒక్క పేజీ ఇలా ఉంటుంది:

ఇంటరిమ్ రిపోర్ట్ సారాంశం, మే 2024. అడిగిన 6 చెక్‌లలో పూర్తిగా వెరిఫై అయినవి 2. ఒక తేడా ఉంది. తేలనివి 4 అంశాలు, అందులో ఒకటి అభ్యర్థి నుంచి రావాలి, దాని మీదే కోర్టు చెక్ మిగతా సగం ఆధారపడి ఉంది.

వెరిఫై అయినవి

- గుర్తింపు: పేరు, పుట్టిన తేదీ. అనుబంధం 1.
- ప్రస్తుత చిరునామా: నివాసం. విజిట్, ఇంటి యజమాని మాట. అనుబంధం 2.
- డిగ్రీ: కోర్సు, రోల్ నంబర్, సంవత్సరం. విశ్వవిద్యాలయం రాతపూర్వక జవాబు. అనుబంధం 3.
- చివరి ఉద్యోగం: చేరిన తేదీ, హోదా. సంస్థ హెచ్ఆర్ మెయిల్. అనుబంధం 4.
- కోర్టు రికార్డు: ప్రస్తుత చిరునామా పరిధిలో రికార్డు ఏదీ కనిపించలేదు. అనుబంధం 6.

తేడాలు

- చివరి పనిదినం: ఫారంలో 29 ఫిబ్రవరి 2024, సంస్థ మెయిల్‌లో 30 నవంబర్ 2023. తేడా 91 రోజులు. అనుబంధం 4. ఖాళీ ఒక నెల నుంచి నాలుగు నెలలకు మారుతుంది. రిలీవింగ్ లెటర్ లోపల కూడా 30 నవంబర్ 2023 అనే ఉంది, లెటర్ జారీ తేదీ 29 ఫిబ్రవరి 2024. ఏజెన్సీ వర్గీకరణ: మైనర్. అభ్యర్థి వివరణ ఇంకా తీసుకోలేదు.

తేలనివి

- శాశ్వత చిరునామా: ఇంటి నంబర్ కావాలి. అభ్యర్థి చేతిలో.
- కోర్టు రికార్డు, శాశ్వత చిరునామా పరిధి: పైది వస్తేనే మొదలవుతుంది. ఆ తర్వాత ఏజెన్సీ చేతిలో.
- చివరి ఉద్యోగం మానేసిన కారణం: సంస్థ జవాబులో లేదు. మళ్లీ అడిగించాలా అన్నది హెచ్ఆర్ చేతిలో.
- ముందు ఉద్యోగం, అన్ని అంశాలు: సంస్థ మూతపడింది, ఏజెన్సీ చెక్‌ను మూసేసింది. జీతం జమైన బ్యాంక్ స్టేట్‌మెంట్ వంటి వేరే ఆధారం అడగాలా అన్నది హెచ్ఆర్ చేతిలో.

"రికార్డు లేదు" అనకుండా "కనిపించలేదు" అన్నది గమనించారా? ఏజెన్సీ వెతికినంత మేరకే ఆ మాట చెల్లుతుంది.

## 8. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సరిదిద్దే తీరు

పేరు తేడాను పెద్దది చేయడం. ఒక పత్రంలో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదానిలో పొడి అక్షరంగా ఉంటుంది. పుట్టిన తేదీ, తండ్రి పేరు కలిస్తే, అంశాన్ని వెరిఫై అయినవాటిలోనే ఉంచి, పేరు రెండు రకాలుగా ఉందని పక్కన రాయండి.

ఉద్యోగి రికార్డు లేదన్న జవాబు. కాంట్రాక్ట్ మీద వేరే సంస్థ పేరోల్‌లో ఉండి ఈ సంస్థ ఆఫీసులో పనిచేసినవాళ్లకి ఇది తరచూ జరుగుతుంది. మూలం జవాబిచ్చింది కాబట్టి తేడాగానే రాయాలి. కానీ అభ్యర్థి జీతం స్లిప్ మీద ఏ సంస్థ పేరుందో చూసి ఆ వాక్యం పక్కనే పెట్టండి. పేర్లు వేరైతే, ఏజెన్సీని సరైన సంస్థను అడగమనడం తర్వాతి అడుగు.

అనవసరమైన వ్యక్తిగత వివరాలు ఎక్కించడం. గుర్తింపు కార్డు నంబర్, ఇంటి యజమాని ఫోన్, ఇంటి ఫొటో, పాత జీతం ఈ పేజీలో ఉండనక్కర్లేదు. సారాంశం నలుగురికి ఫార్వర్డ్ అవుతుంది. అనుబంధం నంబర్ ఉంటే చాలు.

సిఫార్సు కలిపేయడం. "తీసుకోవచ్చు", "వద్దు" అన్నది ఇందులో రాయకండి. మిమ్మల్ని అడిగితే వేరే మెయిల్‌లో చెప్పండి.

## 9. పంపే ముందు ఒకసారి

- అడిగిన ప్రతి చెక్ ఏదో ఒక జాబితాలో కనిపిస్తోందా?
- ప్రతి వరుసకూ అనుబంధం నంబర్, లేదా ఎవరి చేతిలో ఉందో ఉందా?
- తేదీలన్నిటిలో నెల అక్షరాల్లో ఉందా?
- మొదటి పేజీ రంగుకీ మీ జాబితాకీ కుదరని చోట కారణం కనిపిస్తోందా? ఈ కేసులో కోర్టు చెక్ అలాంటిదే.
- అభ్యర్థి పక్కన కూర్చుని చదివితే "ఇది నేను చెప్పలేదు, వాళ్లూ చెప్పలేదు" అనగలిగే మాట ఏదైనా ఉందా? ఉంటే తీసేయండి.

తేడాల మీద చర్య తీసుకునే ముందు అభ్యర్థి వివరణ తీసుకునేలా చూడండి. కొన్ని దేశాల్లో చర్యకు ముందే అభ్యర్థికి తెలియజేయడం చట్టమే. అమెరికాలో ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ ప్రకారం, ఇలాంటి రిపోర్ట్ ఆధారంగా ఉద్యోగం నిరాకరించే ముందే అభ్యర్థికి దాని కాపీ ఇవ్వాలి.

వివరణ వచ్చాక తేడాను చెరిపేయకండి. "అభ్యర్థి వివరణ" అని దాని కిందే చేర్చండి. కొత్త రిపోర్ట్ వచ్చినప్పుడు కూడా పాత పేజీని దిద్దకుండా, తేదీ మార్చి కొత్త పేజీ తయారుచేయండి. అందులో ఏ అంశం ఏ జాబితా నుంచి ఎక్కడికి మారిందో పైన రెండు వాక్యాల్లో చెప్పండి. శాశ్వత చిరునామా ఇంటి నంబర్ వచ్చి కోర్టు చెక్ పూర్తయితే, ఎగ్జిక్యూటివ్ కొత్త పేజీలో ముందు వెతుక్కునేది ఆ రెండు వాక్యాలనే.